మైనర్ పిల్లల వాటా అమ్మాలంటే: కోర్టు అనుమతి పిటిషన్ ఎలా రాయాలి

భర్త పోయాక ఆయన పేరున ఉన్న స్థలం అమ్ముదామని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లిన చాలామంది తల్లులకు అక్కడే మొదటిసారి తెలుస్తుంది, ఆ స్థలంలో పిల్లలకూ వాటా ఉందని, ఆ వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలని. అప్పటికే అడ్వాన్స్ తీసుకుని ఉంటారు, అది ఖర్చయిపోయి ఉంటుంది. కొనేవాళ్లు రోజూ ఫోన్ చేస్తుంటారు. ఆ టెన్షన్‌లో ఎవరో రాసిచ్చిన నాలుగు పేరాల పిటిషన్ మీద సంతకం పెట్టి కోర్టులో వేస్తారు. జిల్లా కోర్టులో ఇలాంటి పిటిషన్లు ఏళ్లుగా రాస్తున్నాను. నిజమైన అవసరం ఉండి కూడా అనుమతి రాని కేసుల్లో నేను చూసినంతవరకు లోపం పిటిషన్‌లోనే ఉంది. అందుకే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుని, మొదటి కాగితం నుంచి చివరి వరకు ఎలా రాయాలో చెబుతాను.

ఈ ఉదాహరణ హిందూ కుటుంబానిది. భర్త వీలునామా రాయకుండా చనిపోయాడు. ఆయన సొంత సంపాదనతో కొన్న ఆస్తులు రెండు: కుటుంబం ఉంటున్న ఇల్లు, ఊరి చివర 240 గజాల ఖాళీ స్థలం. ఇంటి మీద బ్యాంకు లోన్ ఇంకా 14 లక్షలు ఉంది. భార్య బట్టలు కుట్టి నెలకు 12 వేలు సంపాదిస్తుంది. కూతురికి 15 ఏళ్లు, కొడుక్కి 10. అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఈఎంఐ 16 వేలు, కొన్ని నెలలుగా కట్టలేదు. బాకీ మొత్తం 60 రోజుల్లో కట్టాలని బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది. ఖాళీ స్థలం అమ్మి లోన్ తీర్చి ఇల్లు నిలబెట్టుకోవాలని తల్లి ఆలోచన.

ముందు తేల్చుకోవాల్సింది: ఎవరి వాటా ఎంత?

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు చనిపోయిన వ్యక్తి తల్లి కూడా ఉంటుంది. చాలా పిటిషన్లలో ఆమెను మర్చిపోతారు. మన ఉదాహరణలో అత్తగారితో కలిపి వారసులు నలుగురు, ఒక్కొక్కరికి నాలుగో వంతు. పిల్లలిద్దరిదీ కలిపితే సగం. కోర్టు అనుమతి కావాల్సింది ఈ సగానికే. తల్లి తన వాటాను, అత్తగారు తన వాటాను కోర్టు అనుమతి లేకుండానే అమ్ముకోవచ్చు. కానీ స్థలం పంచుకోలేదు కాబట్టి కొనేవాళ్లకు మొత్తం ఒకేసారి రావాలి. అందుకని పిటిషన్‌లో అడిగేది పిల్లల సగం వాటాకే అయినా, అత్తగారు కూడా తన వాటా అమ్మడానికి సిద్ధంగా ఉన్నారని ఆమె అఫిడవిట్ జత చేయాలి. అది లేకపోతే, మొత్తం స్థలం అమ్ముడుపోతుందన్న నమ్మకం ఏమిటని జడ్జిగారు అడుగుతారు.

ఆస్తి తాతల నాటిదై ఉమ్మడి కుటుంబంలో ఉంటే, అందులో మైనర్‌కు ఉన్న విడదీయని వాటాను కుటుంబ పెద్ద చూసుకుంటుంటే, లెక్క వేరు. ఆ వాటాకు, కింద చెప్పబోయే హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం 8వ సెక్షన్ వర్తించదు. ఆస్తి ఎలా వచ్చిందన్నది పాత దస్తావేజుల్లో చూసుకుని, వకీలుతో తేల్చుకున్నాకే కలం పట్టండి.

ఎవరు వేయాలి, ఏ కోర్టులో వేయాలి

తండ్రి లేనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలు. ఆమెను గార్డియన్‌గా నియమించమని మళ్లీ కోర్టును అడగనక్కర్లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం 8వ సెక్షన్ కింద నేరుగా అనుమతి అడగవచ్చు. తల్లి కూడా లేక మేనమామో తాతయ్యో పిల్లల్ని చూసుకుంటుంటే, ముందు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద గార్డియన్‌గా నియామకం తెచ్చుకోవాలి. ఆ తర్వాత అదే చట్టం 29వ సెక్షన్ కింద అనుమతి అడగాలి. ఈ దారి ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకూ ఉంది. ముస్లిం తల్లికి పిల్లల ఆస్తి మీద సొంతంగా గార్డియన్ అధికారం ఉండదు, కాబట్టి ఆమె నియామకం నుంచి మొదలుపెట్టాలి.

కోర్టు ఏదన్నది మీరు ఉంటున్న ఊరిని బట్టి కాదు, ఆస్తి ఉన్న చోటును బట్టి తేలుతుంది. ఆ స్థలం ఏ జిల్లా కోర్టు పరిధిలో ఉంటే అక్కడ వేయాలి, హైదరాబాద్ నగరంలో అయితే సిటీ సివిల్ కోర్టులో. మన ఉదాహరణలోని తల్లి ఒకవేళ పుట్టింటికి దగ్గరగా వేరే జిల్లాకు మారినా, పిటిషన్ మాత్రం స్థలం ఉన్న జిల్లాలోనే వేయాలి.

అనుమతి అక్కర్లేదని ఎవరైనా చెబితే

తల్లే కదా, సంతకం పెట్టేయొచ్చు అని మధ్యవర్తులు అంటారు. చట్టం స్పష్టంగా ఉంది: సంరక్షకులు ముందుగా కోర్టు అనుమతి తీసుకోకుండా మైనర్ స్థిరాస్తిని అమ్మితే, ఆ అమ్మకాన్ని మైనర్ కాదనవచ్చు. 18 నిండాక మూడేళ్ల లోపు, అంటే 21 ఏళ్ల వరకు, ఆ దస్తావేజును రద్దు చేయమని దావా వేసే హక్కు ఆ బిడ్డకు ఉంటుంది. మేజర్ అయ్యాక అదే ఆస్తిని తను వేరొకరికి అమ్మడం లాంటి స్పష్టమైన చర్యతో కూడా పాత అమ్మకాన్ని తోసిపుచ్చవచ్చని, ప్రతిసారీ దావానే వేయాలని లేదని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒక కర్ణాటక కేసులో చెప్పింది. మన ఉదాహరణలో కొడుక్కి 10 ఏళ్లు. అంటే కొన్నవాళ్ల నెత్తి మీద పదకొండేళ్లు కత్తి వేలాడుతున్నట్టే. అందుకే అలాంటి స్థలానికి లోన్ దగ్గర బ్యాంకు లాయర్లు అభ్యంతరం పెడతారు, ధర కూడా తగ్గిపోతుంది.

అగ్రిమెంట్ ఎలా ఉండాలి

అనుమతి ముందుగా రావాలి, అమ్మకం తర్వాత జరగాలి. కానీ కొనేవాళ్లు ఎవరో, ధర ఎంతో తెలియకుండా కోర్టు అనుమతి ఇవ్వడం కష్టం. దీనికి ఆచరణలో ఉన్న దారి, షరతుతో కూడిన అగ్రిమెంట్. అందులో మూడు మాటలు తప్పకుండా ఉండాలి. పిల్లల వాటా విషయంలో ఈ ఒప్పందం కోర్టు అనుమతికి లోబడి ఉంటుంది. అనుమతి రాకపోతే అడ్వాన్స్ వడ్డీ లేకుండా తిరిగి ఇస్తారు. కోర్టు తేల్చేదాకా, కనీసం ఆరు నెలలు, కొనేవాళ్లు ఈ ధరకు కట్టుబడి ఉంటారు. అడ్వాన్స్ వీలైనంత తక్కువ తీసుకోండి, తీసుకున్నదాన్ని బ్యాంకులోనే ఉంచండి. అడ్వాన్స్ ఖర్చు చేసేసి కోర్టుకు వచ్చిన తల్లిని జడ్జిగారు అడిగే మొదటి ప్రశ్న ఆ డబ్బు గురించే.

ధర విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. స్థలం గజం 15 వేలకు ఒప్పుకుని, కాగితం మీద 11 వేలు రాసి, మిగతాది చేతిలో పెడతామంటే ఒప్పుకోకండి. కోర్టు చూసేది కాగితం మీది ధరే. ఆ తేడా 240 గజాలకు 9 లక్షల 60 వేలు. అందులో సగం, 4 లక్షల 80 వేలు, పిల్లలది. అది లెక్కలోకి రాకుండా పోతుంది. పైగా పక్క స్థలం 15 వేలకు రిజిస్టర్ అయిందని ఎవరైనా బంధువు వచ్చి చూపిస్తే మీ పిటిషన్ అక్కడే కూలిపోతుంది.

పిటిషన్‌కు ప్రాణం: అవసరం, ప్రయోజనం

చట్టం 8వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ రెండే కారణాలు ఒప్పుకుంటుంది. ఒకటి అవసరం, రెండోది మైనర్‌కు స్పష్టంగా కనిపించే ప్రయోజనం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి రుజువైనా సరిపోతుంది. కానీ రెండూ ఉన్నప్పుడు వేర్వేరు పేరాల్లో రాయాలి, కలిపి ముద్దచేయకూడదు. ఎందుకంటే అనుమతి ఇస్తూ జడ్జిగారు తన ఉత్తర్వులో ఆ అవసరమో ప్రయోజనమో ఏమిటో రాయాలని చట్టమే చెబుతోంది. ఆయన రాయగలిగేలా మీ పేరా ఉండాలి.

ఒకసారి నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం అప్పటికే ఒక పిటిషన్ పోగొట్టుకుని వచ్చింది. అందులో కారణం మొత్తం ఒక్క వాక్యం: "మైనర్ల పోషణ, చదువు, పెళ్లి ఖర్చుల నిమిత్తం మరియు కుటుంబ అవసరాల నిమిత్తం అమ్మవలసి వచ్చినది." ఈ వాక్యంలో అంకె లేదు, తేదీ లేదు, కాగితం లేదు. పైగా పిల్లల్ని పోషించడం తల్లిదండ్రుల బాధ్యతని చట్టం చెబుతుంది కాబట్టి, పోషణ అన్నంత మాత్రాన పిల్లల ఆస్తి అమ్మే అవసరం అయిపోదు. పదేళ్ల పిల్ల పెళ్లి ఇవాళ్టి అవసరం కానే కాదు. ఆ వాక్యం చూసి అనుమతి ఇవ్వలేదంటే జడ్జిని తప్పుపట్టలేం.

మన ఉదాహరణలో అవసరాన్ని ఇలా రాయవచ్చు:

> "మైనర్లు నివసిస్తున్న ఇల్లు వారి తండ్రి తీసుకున్న గృహ రుణానికి తనఖాలో ఉన్నది. ఆయన మరణించే నాటికి ఉన్న బాకీ ఇప్పుడు వడ్డీతో రూ. 14,00,000కు చేరినది. బాకీ మొత్తం 60 రోజులలో చెల్లించవలెనని బ్యాంకు నోటీసు ఇచ్చినది. ఇంటిలో మైనర్లకు సగం వాటా ఉన్నందున వారి వాటా మీద పడే భారం రూ. 7,00,000. పిటిషనరు నెలసరి ఆదాయం రూ. 12,000, నెలసరి వాయిదా రూ. 16,000. బాకీ తీర్చనిచో బ్యాంకు ఇంటిని స్వాధీనపరచుకుని వేలం వేయగలదు."

ఇందులో ప్రతి వాక్యం వెనక ఒక కాగితం ఉంది. లోన్ స్టేట్‌మెంట్, బ్యాంకు నోటీసు, ఆదాయ సర్టిఫికెట్. అప్పు తండ్రిది, ఇంటి మీద ఉంది, కాబట్టి ఇంట్లో వాటా ఉన్న పిల్లల మీదా భారం పడుతుందన్న లంకె కూడా ఉంది. ఇదే అప్పు తల్లి తన వ్యాపారం కోసం చేసినదైతే ఆ లంకె తెగిపోతుంది. అప్పుడు దాన్ని పిల్లల అవసరమని చెప్పకూడదు.

ఆ వెంటనే, వేరే దారులన్నీ చూశానని చెప్పే పేరా రావాలి. దీన్ని చాలామంది రాయరు, నా ఉద్దేశంలో పిటిషన్‌లో అతి ముఖ్యమైనది ఇదే. జడ్జిగారికి సహజంగా వచ్చే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. గృహ రుణానికి ఇన్సూరెన్స్ లేదా? తండ్రికి ఎల్‌ఐసీ పాలసీ, పీఎఫ్ వచ్చాయా? వస్తే ఏమయ్యాయి? నీ సొంత వాటాతో సరిపెట్టలేవా? కూతురు మూడేళ్లలో మేజర్ అవుతుంది, అప్పటిదాకా ఆగలేవా? వీటికి జవాబులు విచారణలో తడబడుతూ చెప్పేకంటే ముందే రాసేయడం మంచిది. రుణానికి ఇన్సూరెన్స్ ఉందో లేదో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నిజంగా ఇన్సూరెన్స్ ఉండి, ఎవరూ చెప్పక క్లెయిమ్ చేయని కుటుంబాలూ ఉన్నాయి. అలాంటి చోట స్థలం అమ్మాల్సిన పనే ఉండదు. పాలసీ డబ్బు వచ్చి ఆసుపత్రి బాకీలకు పోతే ఆ బిల్లులు పెట్టండి. బంగారం అమ్మితే రసీదు పెట్టండి. వాయిదా తగ్గించమని బ్యాంకును అడిగి, వాళ్లు కాదంటే ఆ ఉత్తరం పెట్టండి.

తల్లి సొంత వాటా ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంటుంది. గజం 15 వేల చొప్పున స్థలం 36 లక్షలు, ఆమె వాటా 9 లక్షలు. బాకీ 14 లక్షలు. తన వాటా మొత్తం పోసినా బాకీ తీరదు. పైగా పంచని స్థలంలో నాలుగో వంతు మాత్రమే కొనేవాళ్లు దొరకరు, దొరికినా ఆ ధర రాదు. ఈ మాటలు ఇలాగే, అంకెలతో రాయాలి.

ప్రయోజనం పేరా వేరు. ఖాళీ స్థలం మీద పిల్లలకు రూపాయి ఆదాయం లేదు. లోన్ మీద 9 శాతం చొప్పున వడ్డీయే ఏడాదికి 1 లక్ష 26 వేలు పెరుగుతోంది. స్థలం చుట్టూ ప్రహరీ లేదు, పక్కవాళ్లు ఒకవైపు జరిగారని సర్వే రిపోర్టు ఉంటే అదీ రాయండి. స్థలం అమ్మితే పిల్లలకు దక్కేవి ఏమిటి? తనఖా తీరిన ఇంట్లో సగం వాటా, బ్యాంకులో నిల్వ, ఆ నిల్వ మీద వడ్డీ. పోయేదేమిటి, వచ్చేదేమిటి పక్కపక్కన పెట్టి చూపించడమే ప్రయోజనం రుజువు చేయడం. "మంచి ధర వచ్చింది" అన్నది ఒక్కటే ప్రయోజనం కాదు. ఆ ధరతో పిల్లలకు ఏం మిగులుతుందన్నది ప్రయోజనం.

డబ్బు ఎక్కడికి పోతుందో రాసే పేరా

అమ్మిన డబ్బులో పిల్లల వాటా ఎలా వాడతారో రూపాయల్లో చెప్పాలి. మన ఉదాహరణలో ఇద్దరి వాటా 18 లక్షలు, ఒక్కొక్కరికి 9. బ్యాంకు బాకీలో ఒక్కొక్కరి భాగం 3 లక్షల 50 వేలు. బాకీ భారాన్ని నలుగురూ సమానంగా మోస్తున్నారన్నది ఇక్కడ కీలకం. తల్లి, అత్తగారు కూడా తమ వాటా డబ్బులోంచి చెరో 3 లక్షల 50 వేలు ఇస్తారని రాయాలి. అత్తగారి అఫిడవిట్‌లో ఈ మాట విడిగా ఉండాలి. పిల్లల డబ్బుతోనే అప్పంతా తీర్చే పిటిషన్‌ను కోర్టు ఒప్పుకోదు.

బాకీ తీరాక ఒక్కో బిడ్డకు 5 లక్షల 50 వేలు మిగులుతుంది. కూతురు ఇంటర్ రెండేళ్ల ఫీజు, హాస్టల్ కలిపి 1 లక్ష 60 వేలని కాలేజీ ఇచ్చిన ఫీజు కాగితం ఉంటే, ఆమె భాగంలోంచి అది తీయమని అడగవచ్చు. అక్కడా ఒక జాగ్రత్త: అక్క చదువు ఖర్చు తమ్ముడి భాగంలోంచి తీయకూడదు. ఇద్దరూ మైనర్లే, ఇద్దరి లెక్కలూ వేర్వేరు. చివరికి కూతురి పేరున 3 లక్షల 90 వేలు, కొడుకు పేరున 5 లక్షల 50 వేలు, జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్లు, వాళ్లకు 18 నిండే దాకా. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే రెండూ కలిపి ఏడాదికి దాదాపు 61 వేలు వస్తుంది. ఆ వడ్డీని ఎవరి చదువుకు వాళ్లది వాడుకునేలా అనుమతి కూడా ఇప్పుడే అడగండి. లేకపోతే ప్రతి జూన్‌లో ఫీజు కోసం మళ్లీ కోర్టుకు రావాల్సి వస్తుంది.

తల్లికి మిగిలిన 5 లక్షల 50 వేలు ఏం చేస్తుందో చెప్పే బాధ్యత చట్టప్రకారం లేదు. అయినా ఒక వాక్యం రాయించడం నా అలవాటు. భర్త వైద్యానికి బంధువుల దగ్గర తెచ్చిన 2 లక్షలు తన వాటాలోంచే తీరుస్తానని ఆమె రాస్తే, పిల్లల వాటా జోలికి పోవడం లేదని జడ్జిగారికి అర్థమవుతుంది.

పిటిషన్ రూపం

పైన కోర్టు పేరు, తర్వాత గార్డియన్ ఓ.పి., అంటే ఒరిజినల్ పిటిషన్, నంబరుకు ఖాళీ, పిటిషనర్‌గా తల్లి పేరు, వయసు, చిరునామా. మైనర్ల పేర్లు, పుట్టిన తేదీలు తప్పకుండా రాయాలి. అత్తగారిని ప్రతివాదిగా చేర్చడం మంచిది. ఆమె ఒప్పుకున్నా సరే, చేరిస్తే తర్వాత ఎవరూ "పెద్దావిడకు తెలియకుండా చేశారు" అనలేరు. ఏ చట్టం, ఏ సెక్షన్ కింద వేస్తున్నారో శీర్షిక కింద రాయాలి: హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం సెక్షన్ 8, దానితో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్లు 29, 31.

ఆ తర్వాత పేరాలు కథ నడిచిన వరుసలో సాగాలి. బంధుత్వం, మరణం, వారసులు, ఆస్తులన్నీ, అప్పు, చేసిన ప్రయత్నాలు, అవసరం, ప్రయోజనం, ధర, డబ్బు వాడకం. "ఆస్తులన్నీ" అన్నాను చూడండి, అమ్మే స్థలమొక్కటే కాదు. ఇల్లు ఉందన్న సంగతి దాచి స్థలం గురించే రాస్తే, ఎదుటివాళ్లు ఇంటి కాగితం తెచ్చి పెట్టిన రోజు మీ మీద నమ్మకం మొత్తం పోతుంది. కొనేవాళ్లు మీకు బంధువులైతే అదీ చెప్పేయాలి. మేనమామ కొంటున్నాడని చెప్పి ధర సరైనదని చూపిస్తే ఇబ్బంది ఉండదు. దాచితే ఉంటుంది.

ఇంతకుముందు ఇదే ఆస్తి గురించి ఏ కోర్టులోనూ పిటిషన్ వేయలేదని, వేస్తే ఏమైందో, ఒక పేరా ఉండాలి. చివర్లో ప్రార్థన. దీన్ని అలవోకగా రాయకండి, ఎందుకంటే కోర్టు సాధారణంగా మీరు అడిగిన దాన్ని మించి ఇవ్వదు. ఉదాహరణకు:

> "షెడ్యూలు ఆస్తిలో మైనర్లకు గల విడదీయని సగం వాటాను, మొత్తం ఆస్తికి రూ. 36,00,000కు తగ్గని ధరకు, మైనర్ల తరఫున పిటిషనరు అమ్మి, విక్రయ దస్తావేజు రాసి రిజిస్టరు చేయించుటకు అనుమతించవలెనని. మైనర్ల వాటా నుండి పై పేరాలో చూపిన మేరకు బ్యాంకు బాకీ, విద్యా ఖర్చులు చెల్లించుటకు, మిగిలిన సొమ్మును వారి పేరున డిపాజిటు చేయుటకు, దాని వడ్డీని వారి చదువుకు వినియోగించుటకు అనుమతించవలెనని ప్రార్థన."

కొనేవాళ్ల పేరు ప్రార్థనలో రాయకపోవడమే మేలు. ఆ మనిషి వెనక్కి తగ్గితే, పేరు మార్చమని మళ్లీ పిటిషన్ వేయాల్సి వస్తుంది. "తగ్గని ధరకు" అన్న మాట ఉంటే ఇంకొకరికి అదే ధరకో ఎక్కువకో అమ్ముకోవచ్చు.

ప్రార్థన కింద వెరిఫికేషన్: ఏ పేరాలు నాకు స్వయంగా తెలుసు, ఏవి వకీలు సలహా మీద రాసినవి అన్నది విడదీసి తేదీతో సంతకం. దాని తర్వాత ఆస్తి షెడ్యూలు. సర్వే నంబరు, ప్లాటు నంబరు, గ్రామం, మండలం, గజాలు, నాలుగు వైపుల హద్దులు అసలు కొనుగోలు దస్తావేజులో ఎలా ఉన్నాయో అక్షరం మార్చకుండా దించండి. తూర్పు హద్దులో ఉన్న పాత యజమాని ఇప్పుడు లేకపోయినా దస్తావేజులోని పేరే రాసి, ప్రస్తుత పేరు పక్కన చేర్చండి. షెడ్యూల్లో 240 బదులు 204 పడితే, ఉత్తర్వు వచ్చాక కూడా సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఆగిపోతుంది. దాన్ని సరిదిద్దించుకోవడానికి మళ్లీ తిరగాలి.

జత చేసే కాగితాలు

మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఆస్తుల దస్తావేజుల నకళ్లు, తాజా ఈసీ. వ్యవసాయ భూమి అయితే పట్టాదారు పాస్ పుస్తకం, ఆంధ్రలో 1-బి, అడంగల్, తెలంగాణలో పహాణీ. వీటి తర్వాత ధరకు సంబంధించినవి: సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే మార్కెట్ విలువ పత్రం, దగ్గరి ప్లాట్లు ఈ మధ్య అమ్మిన ఒకటి రెండు దస్తావేజుల నకళ్లు. ప్రభుత్వ విలువ 11 వేలు, పక్క ప్లాటు 14 వేల 500, మనది 15 వేలు అని మూడూ వరుసగా కనిపిస్తే ధర గురించి ప్రశ్న రాదు. చివరగా బ్యాంకు కాగితాలు, ఆదాయ సర్టిఫికెట్, ఫీజు కాగితాలు, షరతుతో కూడిన అగ్రిమెంట్.

కోర్టులో జరిగేది

పిటిషన్ నంబరు అయ్యాక, అవసరమనిపిస్తే పిల్లల బంధువులకు నోటీసు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. దినపత్రికలో ప్రకటన వేయించమనడమూ మామూలే. ఎవరైనా వచ్చి అభ్యంతరం చెబితే కోర్టు విని, రికార్డు చేయాలి. పెదనాన్నో బాబాయో వచ్చి వ్యతిరేకించాడని భయపడకండి. ఆయన ధర తక్కువంటే, ఆ ధరకంటే ఎక్కువకు కొనేవాళ్లను తీసుకురమ్మని మీరే మర్యాదగా చెప్పవచ్చు. ఎక్కువ వస్తే లాభం పిల్లలకే.

తర్వాత తల్లి సాక్ష్యం. అఫిడవిట్‌గా దాఖలు చేసి, కాగితాలను ఎగ్జిబిట్లుగా గుర్తు వేయిస్తారు. కొనేవ్యక్తిని కూడా సాక్షిగా పిలిస్తే ధర నిజమని తేలుతుంది. బోనులో నిలబడ్డ తల్లికి తన పిటిషన్‌లోని అంకెలు తెలిసి ఉండాలి. పిల్లల వాటా ఎంతమ్మా అని జడ్జిగారు అడిగితే "వకీలుగారికి తెలుసు" అన్న జవాబు బాగోదు. అందుకే నేను పిటిషన్ ఇంగ్లిష్‌లో వేసినా, సంతకానికి ముందు ఆమె చేత తెలుగులో మొత్తం చెప్పించుకుంటాను.

అనుమతి ఇస్తూ కోర్టు షరతులు పెట్టవచ్చు. డబ్బు మొత్తమో కొంతో కోర్టులో జమ చేయమనవచ్చు, బహిరంగ వేలంలో అమ్మమనవచ్చు, అమ్మకాన్ని తన ఆమోదం లేకుండా పూర్తి చేయవద్దనవచ్చు. ఫలానా తేదీలోపు అమ్మాలని గడువు పెడితే క్యాలెండర్ మీద రాసుకోండి. దాటిపోయేలా ఉంటే ముందే పొడిగింపు అడగండి. అనుమతి నిరాకరిస్తే అప్పీలుకు వెళ్లవచ్చు, జిల్లా కోర్టు ఉత్తర్వు మీద అయితే హైకోర్టుకు. ఈ మధ్యలో బ్యాంకు గడువు కూడా పరుగెడుతుంటుంది కాబట్టి, పిటిషన్ వేసిన రోజే దాని నకలు జత చేసి, స్థలం అమ్మి బాకీ తీరుస్తామని, సమయం ఇవ్వమని బ్యాంకుకు ఉత్తరం ఇవ్వండి. నోటీసుకు మీరిచ్చే జవాబును బ్యాంకు పరిశీలించి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. కానీ పిటిషన్ వేసినంత మాత్రాన వేలం ఆగదు, ఆ సంగతి మర్చిపోవద్దు.

ఉత్తర్వు చేతికొచ్చాక

సర్టిఫైడ్ కాపీకి ఆ రోజే దరఖాస్తు పెట్టండి. దస్తావేజులో ఓ.పి. నంబరు, ఉత్తర్వు తేదీ రాయించి, "మైనర్ల తరఫున, కోర్టు అనుమతి మేరకు" అని తల్లి సంతకం చేయాలి. తన వాటాకు విడిగా, పిల్లల తరఫున విడిగా. బ్యాంకు బాకీ డబ్బు కొనేవాళ్ల దగ్గర్నుంచి నేరుగా లోన్ ఖాతాకే డీడీగా వెళ్లేలా చూడండి. పిల్లల డిపాజిట్ రసీదుల మీద, కోర్టు ఉత్తర్వు లేకుండా ముందుగా తీయరాదు, దాని మీద అప్పు ఇవ్వరాదు అని బ్యాంకు చేత రాయించండి. రిజిస్టరైన దస్తావేజు నకలు, లోన్ తీరిందన్న బ్యాంకు పత్రం, డిపాజిట్ రసీదుల నకళ్లు ఒక మెమోతో కోర్టులో దాఖలు చేస్తే మీ వైపు పని అయినట్టు. బ్యాంకు నుంచి ఇంటి అసలు దస్తావేజులు తెచ్చుకోవడం, తనఖా తీరినట్టు ఈసీలో కనిపిస్తోందో లేదో చూసుకోవడం మాత్రం మర్చిపోకండి.

ఈ కాగితాలన్నీ ఒక ఫైలులో పెట్టి, పిల్లల పుట్టిన తేదీలు పైన రాసి ఉంచండి. కూతురికి 18 నిండిన రోజు ఆమె ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఉత్తర్వు కాపీ పట్టుకుని బ్యాంకుకు వెళ్తే, ఆ 3 లక్షల 90 వేలు ఆమె చేతి సంతకంతోనే బయటికి వస్తాయి.